పాత వ్యాసం, కొత్త తేదీ

నర్సింగు కాలేజీలో ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. నిజానికి వయసు ముప్పయ్యారే. కానీ తోటివాళ్ళలో సగం మందికి ఇంకా మీసాలే సరిగ్గా రాలేదు. పదేళ్ళపాటు ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోసి, బెడ్‌పాన్లు కడిగి, ఇక చదువుకోవాలని వచ్చి మొదటి బెంచీలో కూర్చున్న మనిషికి పెట్టడానికి వాళ్ళకి అంతకన్నా మంచి పేరు దొరకలేదు. ఆయనా ఏమీ అనుకోలేదు. బీపీ పట్టీ కట్టడం రాని పిల్లలకి ఆయన నేర్పేవారు, కంప్యూటరు ముందు బిక్కచచ్చిపోయే ఆయనకి వాళ్ళు నేర్పేవాళ్ళు.

నాలుగేళ్ళ చదువులో ఆఖరి గండం ఒక్కటే మిగిలింది. అవసాన దశలో ఉన్న రోగుల్ని చూసుకోవడం ఎలాగో చెప్పే కోర్సు అది. అది పాసైతే నర్సుగా రిజిస్ట్రేషన్ వస్తుంది, తను స్ట్రెచర్లు తోసిన ఆసుపత్రిలోనే నర్సు ఉద్యోగమూ వస్తుంది. తప్పితే ఏడాది మళ్ళీ మొదటికి. ఆ ఉద్యోగం అంతకాలం ఎవరి కోసమూ ఆగదు. ఇంట్లో బస్సు నడిపే బావా, పదహారేళ్ళ మేనకోడలూ ఆ రోజు కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురు చూస్తున్నారు.

ఆ కోర్సులో మార్కులన్నీ ఒక్క వ్యాసం మీదే. మీరు దగ్గరుండి చూసిన ఒక మనిషి ఆఖరి రోజుల గురించి రాయండి, అప్పుడు చేసినదాన్ని ఇప్పుడు నేర్చుకున్నదాంతో బేరీజు వెయ్యండి అన్నారు కోర్సు చెప్పే మేడం. పదేళ్ళలో పెద్దాయన కళ్ళముందు పోయినవాళ్ళు చాలామంది. కానీ ఆ మాట వినగానే గుర్తొచ్చింది అక్క ఒక్కతే.

తల్లి పోయిన ఇంట్లో ఆయన్ని ఎత్తుకుని పెంచింది అక్క. నాలుగేళ్ళ కిందట క్యాన్సరుతో, ఇంట్లోనే, తమ్ముడి చేతుల్లో పోయింది. ఆయన మొదటి సంవత్సరంలో, రోగులతో మాట్లాడే తీరు గురించిన కోర్సుకి, ఆమె గురించి ఒక వ్యాసం రాశారు. అందులో ఒక పేరా ఉంది. పన్నెండేళ్ళ కూతురు గిన్నెలో జావ పట్టుకుని మంచం పక్కన కూర్చుని, తనకి తినిపించిన తల్లికి తను తినిపించడం. ఆఖరి నాలుగు రోజులూ ఆ పిల్ల గిన్నె ఖాళీ చేసి తెచ్చి మామయ్యకి చూపించడం. తొంభై రెండు మార్కులొచ్చాయి. అప్పటి టీచరు దాన్ని క్లాసులో చదివి వినిపిస్తే ఇద్దరు ఆడపిల్లలు ముక్కులు ఎగబీల్చారు. ఇంట్లో బావ ఆ కాగితాల్ని బీరువాలో పెట్టి, అక్క పోయిన రోజు వచ్చినప్పుడల్లా కూతురి చేత చదివించుకునేవాడు. బావకి చదువు అంతంతమాత్రం.

అంతా బాగానే ఉండేది, నాలుగో వారం పాఠం రాకపోతే.

ఆ రోజు మేడం చెప్పింది చిన్న విషయమే. ఆఖరి రోజుల్లో ఒళ్ళు తిండి అడగదు. మింగే శక్తి పోతుంది. అడిగితే కాస్త ఇవ్వచ్చు, అడగకపోతే పెదవులు తడిపితే చాలు. బలవంతంగా పెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి బాధ పెరుగుతుంది. మనిషి పోయేది జబ్బు వల్ల, తినక కాదు.

పెద్దాయన కలం ఆగిపోయింది. ఆఖరి రోజు అక్క గొంతులో వినిపించిన గురగుర చెవిలో మోగింది. ఆ పిల్ల చేతికి చెంచా ఇచ్చింది ఎవరు? "పిట్టా, అమ్మ చేత గిన్నె ఖాళీ చేయించడం నీ డ్యూటీ" అన్నది ఎవరు? వరండాలోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఏడుపు రాలేదు, అదే ఆయన్ని ఎక్కువ బాధ పెట్టింది.

రెండు నెలలకి పైగా దాటవేసి, గడువు ముంచుకొచ్చాక వ్యాసం రాయాలని మూడు సాయంత్రాలు కూర్చున్నారు. జావ గిన్నె దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కదిలేది కాదు. ఆ పేరాలో నిజం రాస్తే, పసిపిల్ల చేత తల్లిని బాధపెట్టించానని రాయాలి. నాలుగో సాయంత్రం పాత వ్యాసం తెరిచారు. శీర్షిక మార్చి, తేదీ మార్చి, చివర రెండు పేరాలు అతికించి పంపేశారు. పంపే ముందు ఒక గడిలో టిక్కు పెట్టమంది కంప్యూటరు. ఇది నా సొంత రచన, దీన్ని ఇంతకుముందు ఏ కోర్సుకూ సమర్పించలేదు అని ఉంది అక్కడ. మొదటి సగం నిజమే కదా అనుకుని టిక్కు పెట్టారు. మనిషి బుర్ర తనకి కావలసినంతే చదువుతుంది.

వారం తిరక్కుండానే మేడం పిలిచారు. బల్ల మీద ఆ వ్యాసం రంగురంగుల గీతలతో ఉంది. కాలేజీలోని ప్రతి వ్యాసాన్నీ పాతవాటితో పోల్చి చూసే సాఫ్ట్‌వేరు, ఎనభై ఏడు శాతం ముందే ఉన్నదని చూపించింది. ఎక్కడ ఉన్నదయ్యా అంటే, ఇదే కాలేజీలో, ఈయన రోల్ నంబరు మీదే.

"శాతం చూసి నేనేమీ అనుకోను. అది పోలిక చూపిస్తుందంతే, తప్పొప్పులు చెప్పదు. అందుకే రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను," అన్నారు మేడం. "ఎందుకిలా చేశారు?"

"నాదే కదా మేడం. ఎవరిదీ ఎత్తుకురాలేదు."

మేడం ఆ కాగితాల్ని ఫైల్లో పెట్టారు. "కమిటీకి పంపక తప్పదు. నా చేతుల్లో లేదు," అన్నారు.

కమిటీ అంటే ముగ్గురు. మధ్యలో కూర్చున్న ప్రొఫెసరు మందుల పాఠం చెప్పే ముసలాయన. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, తిట్టే మనిషిలా కాకుండా, విసుగ్గా మొదలుపెట్టాడు.

"ఇది గ్రంథచౌర్యం కిందికే వస్తుందని రూల్సులో ఉంది. స్వీయ గ్రంథచౌర్యం అంటారు."

"నా ఇంట్లో నేను దొంగతనం చేస్తానా సార్?" అన్నారు పెద్దాయన.

"ఆ పేరు నాకూ నచ్చదయ్యా. దొంగతనం కాదు. దాన్ని మార్చమని నేనే రెండుసార్లు రాశాను, ఎవరూ పట్టించుకోలేదు." ముసలాయన ముందుకి వంగాడు. "సరే, వార్డులో పనిచేశావుగా. నిన్న పొద్దున రోగి బీపీ నువ్వే చూశావు, చార్టులో నువ్వే రాశావు. ఇవాళ రోగి దగ్గరికి పోకుండా నిన్నటి అంకెనే ఇవాళ్టి గడిలో వేశావు. ఎవరి అంకె అది?"

"నాదే."

"చేతిరాత?"

"నాదే సార్."

"మరి తప్పేంటి?"

జవాబు పెద్దాయనకి తెలుసు. అలా రాసిన ఒక నర్సుని పనిలోంచి తీసేయడం తన కళ్ళతో చూశారు.

"ఇవాళ చూశానని చెప్పావు, చూడలేదు. అదే తప్పు," అన్నాడు ముసలాయన. "ఈ కోర్సు నేర్చుకున్నావనడానికి మాకున్న సాక్ష్యం ఈ వ్యాసమే. నువ్వేమో కోర్సులో చేరకముందే రాసింది ఇచ్చి, కొత్తదన్నావు. పాతది వాడుకోవాలంటే మేడంని ముందే అడగాలి. ఎక్కడెక్కడ వాడావో చెప్పాలి, కొత్తగా ఏం చేర్చావో కనపడాలి. అప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు."

"మీరు అడిగితే ఒప్పుకునేదాన్ని," అన్నారు పక్కన కూర్చున్న మేడం నెమ్మదిగా. "పాత వ్యాసంలో ఆ పాపని మెచ్చుకున్నారు. నాలుగో వారం పాఠం విన్న మనిషి ఆ పేరా ఒక్క అక్షరం మార్చకుండా ఎలా పంపారా అని రెండు రోజులు ఆలోచించాను. పాఠం అర్థం కాలేదా, బాగా అర్థమైందా?"

పెద్దాయన బల్ల మీద ఉన్న ఆ పేజీని బోర్లా తిప్పి పెట్టారు. మేడంకి అదే జవాబు.

ఆ వ్యాసానికి సున్నా వేశారు. మొదటిసారి కాబట్టి రెండు వారాల్లో మళ్ళీ రాయనిచ్చారు. ఎంత బాగా రాసినా పాసు మార్కులకి మించి రావు. విషయం కాలేజీ ఫైల్లో ఉంటుంది, ఇంకోసారి జరిగితే ఇంటికి పంపిస్తారు. బతికిపోయాననుకోవలసిన మాటే అది. పెద్దాయనకి మాత్రం ఆ పేరా మళ్ళీ రాయాలన్నదే వినిపించింది.

ఈసారి రాశారు. పాత వ్యాసంలోంచి ఆ ఒక్క పేరాని ఉటంకింపు గుర్తుల మధ్య పెట్టి, కింద ఆధారాల జాబితాలో తన పేరే వేసుకుని, ఏ సంవత్సరం, ఏ కోర్సుకి రాసిందో చూపించారు. దాని తర్వాత ఇలా రాశారు: "ఇది రాసినప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఆ పిల్ల చేత ఆ పని చేయించింది నేను." మేడం పాసు మార్కులు వేసి, పక్కన ఒక్క వ్యాఖ్య కూడా రాయలేదు. రిజిస్ట్రేషన్ కాగితాలు కదిలాయి.

ఆదివారం పొద్దున బావ అడిగాడు. "మళ్ళీ రాశావుట కదా. ఆ కొత్తది కూడా ఇవ్వు, దాచుకుంటాం. పిల్ల చదివి పెడుతుంది."

పెద్దాయన లోపలికి వెళ్ళి కాగితాలు తెచ్చారు. పాత వ్యాసమే, కొత్త తేదీతో. ఆ తప్పుకి కమిటీ ముందు నిలబడి నెల కాలేదు, మళ్ళీ అదే పని. ఈసారి ఏ గడిలోనూ టిక్కు పెట్టనక్కర్లేదు. బావ సంతోషంగా కూతురి చేతికిచ్చి, డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల రెండు వాక్యాలు చదివి తలెత్తింది.

"మామయ్యా, ఇది పాతదే."

"కొంచెం మార్చాన్లే."

"తేదీ మార్చావు. నాకిది కంఠతా వచ్చు." కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. "కొత్తదాంట్లో నా గురించి ఏదో రాశావు. అందుకే ఇవ్వట్లేదు."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "నీ తప్పేం లేదు పిట్టా. నాది," అన్నారు పెద్దాయన. "ఆ నాలుగు రోజులూ అమ్మకి తినిపించమని నేను చెప్పకుండా ఉండాల్సింది. ఆ టైములో ఒంటికి తిండి అక్కర్లేదు. పెడితే బాధే."

"అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"పెట్టకపోతే... దానివల్ల పోరా?"

"పోరు. జబ్బు వల్లే పోతారు."

ఆ పిల్ల కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుంది.

"నేను పెట్టలేదు మామయ్యా. మొదటి రోజు రెండు చెంచాలు తాగింది. తర్వాత అమ్మ పళ్ళు బిగించేసింది. నువ్వు తిడతావని సింకులో పారబోసి ఖాళీ గిన్నె తెచ్చి చూపించా. నువ్వు శెభాష్ అన్నావు." కాగితాల అంచు మడుస్తూ చెప్పింది. "అమ్మ ఆకలితో చచ్చిపోయిందనుకున్నా. నేనే చంపాననుకున్నా. నాన్న ప్రతి ఏడూ ఇది చదవమంటే..."

పెద్దాయన ఆ పిల్ల పక్కన కూలబడి దగ్గరికి తీసుకున్నారు. ఆ పిల్ల ఏడ్చింది. పెద్ద పిల్లలా కాదు, పన్నెండేళ్ళ పిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. చాలాసేపటికి తల పైకెత్తి, కళ్ళు తుడుచుకోకుండానే అడిగింది.

"తిండి అక్కర్లేదన్న సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?"

"నాలుగు నెలలైంది," అన్నారు పెద్దాయన.