పేజీ తిప్పేలోపు

ఇస్సాకు చనిపోయి నాలుగేళ్లయింది. ఆయన తనకు రాసిన మాటను ఛాయాదేవి మంగళవారం ఉదయం పదింటికి చదివింది.

బెంగళూరు హూడిలో ఆరో అంతస్తు ఆఫీసు. యంత్రాల మాన్యువళ్లను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చడం ఆమె పని. ఆ రోజు చేతిలో ఉన్నది నూలుకు రంగులద్దే ప్రెషర్ యంత్రం మాన్యువల్, కొత్త ఎడిషన్. సాయంత్రం ఐదింటికి పంపాలి. ఆ తర్వాత అది మూడు వందల యంత్రాలతో పాటు హిందూపురం డీలరుకు వెళ్తుంది.

అందులో సగం వాక్యాలు పాతవే. ఒకసారి అనువదించిన వాక్యాన్ని సాఫ్ట్‌వేర్ తన మెమరీలో దాచుకుంటుంది. అదే ఇంగ్లీషు వాక్యం మళ్లీ వస్తే పాత తెలుగును తెచ్చి ఆకుపచ్చ రంగులో పెట్టేసి తాళం వేస్తుంది. తాళం పడినవాటిని ఎవరూ చదవరు. అసలు తెరమీద కనబడకుండా దాచేసి పని చేసుకోవడమే అక్కడి అలవాటు. ఆ ఉదయం పేజీ నంబర్లు సరిచూడటానికి ఛాయాదేవి దాచినవన్నీ ఒకసారి తెరిచింది.

ఒక ఆకుపచ్చ వాక్యం పక్కన చిన్న పసుపు చుక్క ఉంది. దానిమీద నొక్కింది.

"ఛాయా, దీన్ని గట్టిగా చదువు. చేతులు ఊరికే పెట్టుకోకు, చెప్పినట్టు చెయ్యి. నా చెయ్యి బోల్టు మీదికి పోయింది. ఇస్సాకు."

చివరి పేరు మరోసారి చదువుకుంది.

ఇస్సాకు ఆమె సీనియర్. అనువాదం సరిచూడమని ఇస్తే లేచి నిలబడి బిగ్గరగా చదివేవాడు. చదువుతూ గాలిలో వాల్వులు తిప్పేవాడు, లేని మీటలు లాగేవాడు. ఫ్లోరంతా నవ్వేది. ఛాయాదేవి కూడా నవ్వింది. నోట్ కింద తేదీ చూసింది. పుస్తకం అచ్చుకు వెళ్లిపోయిన నాలుగో రోజు. ఆ నెలాఖరుకే ఆయన గుండె ఆగింది.

అప్పుడు వాక్యం చదివింది. లోపలి ఆవిరి ఒత్తిడిని చూపే గేజ్ గురించి, ఆ ఆవిరిని బయటికి వదిలే వెంట్ వాల్వు గురించి.

"గేజ్ గొట్టంలో నూలు పీచు అడ్డుపడే అవకాశం ఉన్నందువల్ల, గేజ్ సున్నా చూపిస్తున్నప్పటికీ, వెంట్ వాల్వును పది నిమిషాల పాటు తెరిచి ఉంచే వరకు మూత బోల్టులను వదులు చేయకూడదు."

కింద అనువాదకురాలి పొడి అక్షరాలు. సి.డి. ఆమెవే.

ఇంగ్లీషు వాక్యం మొదట్లోనే వద్దని చెప్పేసి, ఎందుకు, ఎప్పటివరకు అన్నవి తీరిగ్గా వెనక తగిలించుకుంది. ఛాయాదేవి అందులోని ప్రతి ముక్కా తెచ్చింది. ఒక్కటీ జారవిడవలేదు. కాని తెలుగులో క్రియ చివరికి పోయింది, దానితోపాటే వద్దనే మాట కూడా. అర్థంలో తప్పు లేదు. కంటితో చదివేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు.

ఆమె గొంతు తగ్గించి చదివింది. కుడిచెయ్యి బల్లమీద తనంతట తాను కదిలింది. "వెంట్ వాల్వును" దగ్గర వేళ్లు తిరిగాయి. "మూత బోల్టులను వదులు" దగ్గర మణికట్టు తిరిగింది. "చేయకూడదు" వచ్చేసరికి పని అయిపోయింది.

పాత పుస్తకం పీడీఎఫ్ తెరిచింది. నలభై ఆరో పేజీ చివరి మాట "వదులు". నలభై ఏడో పేజీ మొదటి మాట "చేయకూడదు".

యంత్రాల కంపెనీకి వచ్చిన ఫిర్యాదుల జాబితా వెతికితే పదకొండు నిమిషాల్లో దొరికింది. కాటన్‌పేట, పిల్లప్ప రంగుల షెడ్డు. ఆవిరి ప్రమాదం, ఒకరికి గాయం. 46వ పేజీ. కారణం: వాడినవారి తప్పిదం. ఫిర్యాదు మూసివేయబడింది. తేదీ, ఇస్సాకు నోట్ రాసిన రెండు నెలల తర్వాతది.

మేనేజర్ శశిధర్ గదిలోకి వెళ్లి జరిగింది చెప్పింది. అతను చెడ్డవాడు కాదు, గడియారం చూసి బతికేవాడు. తాళం తీయాలంటే క్లయింటుకు, అంటే యంత్రాల కంపెనీకి, ఫారం పెట్టాలన్నాడు. తప్పు ఏ స్థాయిదో, ఎవరిదో రాయాలి. ప్రాణాపాయం అని రాస్తే తప్పు చేసినవాళ్ల పేరు క్లయింటు ఒప్పుకున్న అనువాదకుల జాబితాలోంచి పోతుంది. ఈ ఆఫీసులో ఛాయాదేవికి ఉన్న పనంతా ఆ ఒక్క క్లయింటుదే.

"యాక్యురసీ ఇష్యూ లేదు కదా ఛాయా? రివ్యూలో పాస్ అయింది. లాక్డ్ సెగ్మెంట్, వదిలెయ్. ఐదింటికి డెలివరీ."

"మూడొందల మెషిన్లు శశీ."

"ఫారంలో నీ పేరే రాయాలి. ఆలోచించుకో. నాలుగున్నర దాకా టైముంది."

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె కాటన్‌పేట షెడ్డు కోసం మెట్రో ఎక్కింది. మెజెస్టిక్‌లో దిగేదాకా ఆ వాక్యం చెవిలో వినబడుతూనే ఉంది. గొంతు మాత్రం ఇస్సాకుది.

షెడ్డు రెండు గోడౌన్ల మధ్య సందులో ఉంది. రంగునీళ్ల వాసన. లోపల యంత్రం చల్లగా, ఖాళీగా ఉంది. పిల్లప్ప అరవై దాటిన మనిషి. కుడిచెయ్యి మోచేతి నుంచి వేళ్లదాకా చర్మం ముడతలుపడి మెరుస్తోంది. రెండు వేళ్లు వంగడం లేదు. వెనక స్టూలు మీద ఆయన కూతురు భవ్య నూలు చుట్టలు లెక్కపెడుతోంది.

డీలరు దగ్గరినుంచి వచ్చారా అని అడిగాడు. యంత్రం పుస్తకాన్ని తెలుగులో రాసింది తానేనని ఛాయాదేవి చెప్పింది. భవ్య చేతిలో చుట్ట ఆగిపోయింది.

ఆ రోజు సంగతి పిల్లప్పే చెప్పాడు. యంత్రం కొత్తది, పుస్తకం హిందూపురం నుంచి తెలుగులో వచ్చింది. ఆయనకు అక్షరాలు రావు. భవ్య చదివింది కన్నడ బడిలో. అమ్మమ్మ ఊళ్లో నేర్చుకున్న తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. ఆ సందులో ఏ కొత్త యంత్రం వచ్చినా పద్ధతి ఒకటే. ఒకరు చదువుతారు, ఒకరు చేస్తారు. మాట పడేకొద్దీ చెయ్యి పోతుంది.

"గేజీ సున్నా చూపిస్తా ఉండాది. ఈయమ్మి వాల్వు అనె, నేను వాల్వు తిప్పితి. బోల్టులు వదులు అనె, స్పానర్ తిప్పితి. అంతే. బుస్సుమనె."

భవ్య తల ఎత్తకుండానే అందుకుంది.

"పేజీ తిప్పతా ఉన్న్యా. వేలు తడి చేసుకోని తిప్పేలోపల అయిపాయ. నేనే ఆడ నిలిపేస్తి."

అప్పటినుంచి ఆమె ఏదీ పైకి చదవలేదట. కరెంటు చీటీ కూడా పక్కషాపులో చదివించుకుంటారట. నాలుగేళ్లుగా రోజూ ఒక్కసారైనా ఆ పేజీ తిప్పుతానని, కలలో కూడా వేలు తడి చేసుకుంటానని ఆమె గోడకు చెబుతున్నట్టు చెప్పింది.

"నువ్వు ఆపలేదమ్మా. వద్దనే మాటను అంత దూరంలో పెట్టింది నేను," అంది ఛాయాదేవి. "ఒక మాట ముందు చెప్పివుంటే నీకు పేజీ తిప్పే టైము ఉండేది."

పిల్లప్ప ఒక స్టూలు ఆమె వైపు జరిపాడు.

"ఇప్పుడేంటికి వచ్చినావు తల్లీ?"

"అదే వాక్యం సాయంత్రం మళ్లీ పోతుంది. మార్చాలి. మీ చెయ్యి కావాలి నాకు."

ఆయన నవ్వాడు. "ఉండేది ఒకటే. అది తీసుకో."

యంత్రం పక్కన నిలబడి ఎడంచేత్తో స్పానర్ పట్టుకున్నాడు. ఛాయాదేవి ఫోన్లో రాసి భవ్యకు ఇచ్చింది. భవ్య తీసుకోలేదు. చివరికి తండ్రి "చదవమ్మీ, మిషను చల్లంగానే ఉండాది" అన్నాక తీసుకుంది.

మొదటిది చిన్న వాక్యమే. "గేజ్ సున్నా చూపించినా మూత బోల్టులు వదులు చేయకండి."

"బోల్టులు" అనేసరికి స్పానర్ బోల్టు మీద ఉంది. భవ్య ఫోను దించేసింది.

పొడవు తగ్గిస్తే చాలనుకుంది ఛాయాదేవి. చాలలేదు. మళ్లీ రాసింది. "చేతులు బోల్టుల మీద పెట్టవద్దు." ఈసారి పిల్లప్ప అరచెయ్యి పోయి నేరుగా బోల్టు మీద కూర్చుంది. ఆయనకే ఆశ్చర్యమేసింది. వస్తువు పేరు ముందు వినబడితే చెయ్యి దానికోసం పోతుంది. వద్దనే మాటకోసం ఆగదు. వాక్యం ఎంత చిన్నదైనా తెలుగులో ఆ మాట వెనకే వస్తుంది.

మూడూ పది. తిరిగి వెళ్లడానికి గంట కావాలి.

ఇస్సాకు ఎలా మొదలుపెట్టేవాడు? లేచి నిలబడి, గాలిలో చెయ్యి అడ్డంపెట్టి, ఫ్లోరంతా తలెత్తేలా ఒక్కటే మాట అనేవాడు. ఛాయాదేవి రాసింది.

"ఆగండి," అని చదివింది భవ్య.

స్పానర్ గాలిలో ఆగింది.

"చేతులు వెనక్కి తీయండి. గేజ్ సున్నా చూపించినా లోపల ఆవిరి ఉండవచ్చు. గేజ్ గొట్టంలో పీచు అడ్డుపడితే ఆ సున్నా తప్పు. ముందు వెంట్ వాల్వు తెరవండి."

పిల్లప్ప వాల్వు తిప్పాడు.

"పది నిమిషాలు ఆగండి. వాల్వు మూయకండి."

'వాల్వు' అనగానే చెయ్యి మళ్లీ వాల్వు మీదికి పోయింది. ఛాయాదేవి ఫోను తీసుకుని దాన్ని "వాల్వు తెరిచే ఉంచండి" అని మార్చింది. దాన్ని ఆగమనే మాటకు ముందు పెట్టింది. మొదటినుంచి చదివించింది. ఈసారి చెయ్యి వాల్వు మీద నిలిచింది. పది నిమిషాలకు బదులు పిల్లప్ప పది అంకెలు లెక్కపెట్టాడు.

"ఆ తర్వాతే మూత బోల్టులు వదులు చేయండి."

స్పానర్ తిరిగింది. ఖాళీ యంత్రం టక్కుమంది. భవ్య ఒక అడుగు వెనక్కి వేసింది, కాని ఫోను వదల్లేదు. ఎవరూ అడక్కుండానే మళ్లీ మొదటినుంచి, ఈసారి కొంచెం గట్టిగా చదివింది. పిల్లప్ప కూడా మళ్లీ చేశాడు.

మెట్రోలో నిలబడే ఛాయాదేవి ఫోన్లో ఫారం నింపింది. తప్పు స్థాయి: ప్రాణాపాయం. చేసినవారు: ఛాయాదేవి. కారణం అన్న గడిలో కాసేపు ఆగి రాసింది. "పుస్తకాన్ని ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చేస్తారు. ఈ వాక్యాన్ని నేను గట్టిగా చదివి చూడలేదు." వాడినవారి తప్పిదం అని మూసిన ఫిర్యాదును మళ్లీ తెరవమని కింద చేర్చింది.

శశిధర్ ఫారం రెండుసార్లు చదివాడు. ఒక సెగ్మెంటు గడిలో ఒక ఇంగ్లీషు వాక్యానికి ఇన్ని తెలుగు వాక్యాలా అని గొణిగాడు. సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటుందని ఆమె చూపించింది. అన్నీ ఒకే గడిలో పెట్టింది. ఆ ముక్క రెండు పేజీల మధ్య విరగకూడదని అచ్చువాళ్లకు గమనిక రాసింది. అతను క్లయింటుకు ఫోన్ చేసి, నలభై నిమిషాలు మాట్లాడి, ఐదూ ఇరవైకి తాళం తీశాడు.

"రేపటినుంచి నీకు ఈ అకౌంట్ ఉండదు."

"తెలుసు."

మాన్యువల్ వెళ్లిపోయింది. ఫ్లోరు ఖాళీ అవుతోంది. ఆమె బ్యాగు సర్దుకుంది. మెమరీకి తన లాగిన్ ఇంకా పనిచేస్తోందేమోనని చూసింది. పనిచేస్తోంది. "తెరిచి ఉంచే వరకు" అని కొట్టి వెతికింది.

పద్దెనిమిది వచ్చాయి. బాయిలరు, వడ్లమిల్లు ఎలివేటరు, చెరకు క్రషరు, ఆసుపత్రి స్టెరిలైజరు. పద్దెనిమిది ఆకుపచ్చ వాక్యాలు, పద్దెనిమిది తాళాలు. తొమ్మిదింటి కింద సి.డి. అని ఉంది. మూడింటి పక్కన పసుపు చుక్కలు.

ఛాయాదేవి బ్యాగు కింద పెట్టింది. లేచి నిలబడింది. మొదటిదాన్ని గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి గాలిలో కదులుతోంది. అవతలి వరసలో ఎవరో నవ్వారు.