మోస్రా మోటరు నిమిషాలు

తప్పు నాదే. పైగా అరిచింది కూడా నేనే, ముందు అది చెప్పాలి.

మోస్రా దగ్గర మా అమ్మ యేసమ్మ, లింబాద్రి మామ, నాగేందరన్న ముగ్గురి చెరుకు మడులకూ కాలువ మీద ఒకటే మోటరు. నడిపేది లింబాద్రి మామ. ఎవరి మడికి ఎంతసేపు పారిందో వాళ్ళు ఎట్లా చెప్తే అట్లానే నోట్‌బుక్‌లో రాసి, పక్కన వాళ్ళ చేత సంతకం పెట్టిస్తాడు. తర్వాత లొల్లి ఉండదని ఆయన లెక్క. కాలువకు నీళ్ళు ఆపేలోపు చివరి వంతు ఒక్కటే మిగిలింది. అది తక్కువ పారినవాళ్ళకని ఒప్పందం. మా చెరుకు ఆకు కొసలు అప్పటికే ఎండుతున్నాయి.

నిజామాబాద్‌లో కంప్యూటర్ పని నాది. ఆ నోట్‌బుక్‌ని షీట్‌లోకెక్కించి, అన్నీ నిమిషాల్లోకి మార్చేశాను. నాగేందరన్నకు 310, మామకు 210, మా అమ్మకు 75!

"మా అమ్మంటే గింత అలుసా మామా? నీకు మడి నిండ నీళ్ళు, మాకు డెబ్బై అయిదు నిమిషాలా?" అని మోటరు గది ముందే నిలదీశాను. ఆయన నోట్‌బుక్ నా చేతిలో పెట్టాడు, అంతే.

"నోరు ముయ్యి ఎస్తర్. ముందుగాల సదువు," అంది అమ్మ.

నాగేందరన్న వంతులు '1:20' అని, మామవి '1 గం. 5 ని.' అని ఉన్నాయి. రెంటికీ సూత్రం రాశాను, సరిగ్గానే వచ్చాయి. అమ్మవి మాటల్లో ఉన్నాయి: గంటన్నర, ముప్పావు గంట, పావు తక్కువ రెండు గంటలు. అర్థం కానిచోట సున్నా వేయమని సూత్రంలో చెప్పింది నేనే. నేను ఊళ్ళో ఉన్న రోజు అమ్మ బదులు నేను చెప్పిన '1:15' ఒక్కటే లెక్కలోకి వచ్చింది.

అక్కడే కూర్చుని ఫోన్‌లో షీట్ మార్చాను. తొంభై, నలభై అయిదు, నూట అయిదు, పాత డెబ్బై అయిదు. మొత్తం 315. అందరికంటే ఎక్కువ మా అమ్మకే. అందరికంటే తక్కువ మామకు.

"పోనీ తియ్. యేసమ్మ చెరుకు ఎండుతున్నది, గా వంతు ఆమెకే ఇయ్యుండ్రి," అన్నాడాయన.

"ఏందన్నా, బుద్ధుందా నీకు? మా వంతుల కరెంటు పోయినప్పుడల్లా నీ వంతు ఇడిసిపెట్టి మాకు పారిస్తివి. సాలు. పో, నీ మడికి పెట్టుకో," అని అమ్మ గదమాయించింది. ఆమె కళ్ళు మాత్రం మా చెరుకు మీదే ఉన్నాయి.

చివరి వంతు ఎదురుగా లింబాద్రి అని టైప్ చేశాను. "మాఫ్ చెయ్యి మామా," అన్నాను.

ఆయన స్విచ్ వేసి నవ్వాడు. "మీ అమ్మ పేరు మీద సున్నాలు వడ్డయని గింత కొట్లాడితివి. రేపు నా పేరు మీద వడ్డా గిట్లనే కొట్లాడు బిడ్డా."