మెరుపుదాడి సారు మీద డెసిషన్ ట్రీ

ఆ పిల్లని క్లాసంతా వాగుడుకాయ అని పిలిచేది. అలాంటిది వైవా గది ముందు నోరు పెగలక నిలబడిందంటే, విషయం ఎందాకా వచ్చిందో చూడండి. ఈ అసైన్‌మెంటు తప్పిందంటే మెషీన్ లెర్నింగ్ పేపరు మళ్ళీ చదవాలి. ఎవరితో? ఏడాది వెనక వస్తున్న సొంత తమ్ముడితో! వాడు అప్పుడే "అక్కా, నా పక్కన చోటుంచుతాలే" అని ఇంట్లో ఇకిలిస్తున్నాడు.

అసైన్‌మెంటు చిన్నదే. ఏదో ఒక చిన్న డేటా తీసుకుని, డెసిషన్ ట్రీకి, అంటే అవునా కాదా అని ఒక్కో ప్రశ్నే అడుగుతూ జవాబు తేల్చే చెట్టుకి, నేర్పించి, అది ఎంతవరకు సరిగ్గా చెబుతోందో ఆక్యురసీతో, ఒప్పులూ తప్పులూ విడదీసి చూపే నాలుగు గడుల కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్‌తో సహా చూపించాలి. బుద్ధున్నవాళ్ళు పూల కొలతలు తీసుకున్నారు. మన వాగుడుకాయ ఏం తీసుకుందయ్యా అంటే, సాక్షాత్తూ మార్కులు వేసే సారునే తీసుకుంది. చెప్పాపెట్టకుండా టెస్టులు పెడతాడని ఆయనకి మెరుపుదాడి అని పేరు. క్లాసు మొదలవ్వగానే లోపలున్నవాళ్ళు ఫోన్‌లో గ్రూపుకి కబురు పెట్టేవాళ్ళు: గడ్డం గీసుకున్నాడా, చేతిలో కాఫీ ఉందా, ఎంతమంది వచ్చారు, ఆ తర్వాత టెస్టు పెట్టాడా లేదా. అరవై క్లాసుల సమాచారం ఊరికే పడి ఉంటే వదులుతుందా? రిపోర్టు పంపేశాక గానీ తను ఎవరి నెత్తిన చెయ్యి పెట్టిందో తెలిసిరాలేదు.

"లోపలికి రామ్మా."

సారు రిపోర్టులో 'గడ్డం' అన్న మాట చదివి, తన గడ్డం తడుముకున్నాడు. పిల్లకి పైప్రాణాలు పైనే పోయాయి.

"నలభై ఐదు క్లాసులతో నేర్పించావు. మిగతా పదిహేనూ చెట్టుకి చూపించలేదుగా?"

"ఒట్టు సార్, లేదు."

"ఆక్యురసీ ఎనభై శాతం. నేను కళ్ళు మూసుకుని రోజూ 'టెస్టు లేదు' అన్నా కొంత వస్తుందిగా?"

"దాదాపు అరవై ఏడు వస్తుంది సార్, పదిహేనులో పది రోజులు టెస్టు లేదు కాబట్టి. కానీ టెస్టున్న ఐదు రోజులూ మా కొంప మునుగుతుంది!" నోరు తెరుచుకుంది, ఇక ఆగుతుందా! గబగబా నాలుగు గడులు గీసింది. "టెస్టు పెట్టిన ఐదులో నాలుగు పట్టుకుంది, ఒకటి వదిలేసింది. పెట్టని పదిలో ఎనిమిది సరిగ్గా చెప్పింది, రెండుసార్లు ఉత్తినే హడలగొట్టింది."

"చెట్టుని ఇంకా పెరగనివ్వలేదేం?"

"పెంచితే బట్టీ పట్టేసింది సార్. నేర్చుకున్నవాటికి నూటికి నూరు. ఆ నలభై ఐదులోనే కొన్ని పక్కనపెట్టి అడిగితే నీళ్ళు నమిలింది. అందుకే రెండు ప్రశ్నల దగ్గర ఆపేశా. ఆ పదిహేనూ చివర్లో ఒక్కసారే ముట్టుకున్నా."

"ఊఁ. మొదటి ప్రశ్న ఏమిటి?"

"మేమందరం గడ్డం అనుకున్నాం సార్. చెట్టు దాన్ని పట్టించుకోనేలేదు. 'పాతికమంది కంటే తక్కువ వచ్చారా?' అని అడుగుతుంది. అవునంటే చాలావరకు టెస్టే."

సారు రిపోర్టు మూసి పక్కన పెట్టాడు. "పాఠం ఎంతో తయారై వస్తానమ్మా. ఖాళీ బెంచీలు చూస్తే ఉసూరుమనిపిస్తుంది. టెస్టు పెడితే, ఆ భయంతోనైనా మర్నాడు వస్తారని..."

"అయ్యో సార్! టెస్టు ఉంటుందేమోనన్న భయంతోనే మేం రావట్లేదు!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు సారే నవ్వాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు.

"మరి చెట్టు వదిలేసిన ఆ ఒక్కటి?"

"ఆ రోజు క్లాసు నిండుగానే ఉంది సార్. ఎందుకు పెట్టారో మీకే తెలియాలి."

"ఓహ్, అదా! గొంతు పోయిందమ్మా. మాట రాక పెట్టాను. పద, నీ సంగతి క్లాసులో తేలుస్తా."

వాగుడుకాయ ఫోన్ మీద పడింది. "అందరూ రండి, నా ప్రాణం మీదొట్టు, ఒక్కరు మానినా చంపేస్తా!" యాభై ఎనిమిది మంది వచ్చారు. కొందరు బెంచీలు చాలక కిటికీ గట్టెక్కారు. సారు గుమ్మంలో ఆగి, వెనక్కెళ్ళి గది నంబరు చూసుకుని మళ్ళీ వచ్చాడు. చాక్‌పీసు తీసి బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాడు: టెస్టు.

గది గోలెత్తిపోయింది. అందరూ వాగుడుకాయ వైపు తిరిగారు. ఆమె డెస్కు కిందికి జారింది.

"ఒకటే ప్రశ్న. ఇంతమంది వచ్చారు కాబట్టి ఇవాళ టెస్టు లేదంది ఈ అమ్మాయి చెట్టు. నేను పెట్టాను. ఇది ఏ గడిలోకి వెళుతుంది?"

అందరూ పగలబడి నవ్వుతూనే రాశారు. వెనక బెంచీవాడు కూడా సరిగ్గా రాశాడు. సారు బోర్డు మీద నాలుగు గడులు గీసి, వదిలేసిన గడిలో ఒకటి చెరిపి రెండు చేశాడు.

"పదహారులో పన్నెండు. నీ చెట్టు డెబ్బై ఐదుకి పడిపోయిందమ్మా. నువ్వు మాత్రం పాస్."

చప్పట్లకి కిటికీ అద్దాలు అదిరాయి. వాగుడుకాయ బెంచీ ఎక్కి గంతులేసింది. సారు చేతులకంటిన పొడి దులుపుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా అడిగాడు.

"రేపు టెస్టు లేదు. అయినా వస్తారుగా?"