ఐదు గుళ్ళు, మూడు పూటలు

మా బావ వీధి చివరికి పాల కోసం వెళ్తే తిరిగొచ్చేసరికి పాలు పెరుగవుతాయని నేనంటాను. అంత లేదు, తోడు మనమే వెయ్యాల్సి వస్తుందని మా చెల్లెలు సరిదిద్దుతుంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. దంపతులిద్దరూ కలిసి నడుస్తుంటే, వెనకనుంచి చూసేవాడికి నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నట్టు కనిపిస్తారు.

బావ బస్సు డిపోలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాడు. ఏ బస్సు ఎన్నింటికి కదలాలో కాగితం మీద రాయడం ఆయన ఉద్యోగం. అందుకే అచ్చులో టైము కనబడితే చాలు, నమ్మేస్తాడు. చెల్లెలు బడి వంటశాలలో మూడొందలమంది పిల్లలకి మధ్యాహ్నం పన్నెండున్నరకి వడ్డించి వడ్డించి రిటైరయింది. ఇద్దరికీ గడియారమే, కాకపోతే ఒకరిది చక్రాల గడియారం, ఒకరిది గరిటెల గడియారం.

ట్రావెల్స్ వాడి కరపత్రం ఇంట్లోకి వచ్చినప్పటినుంచి బావకి నిద్ర లేదు. నాలుగు రోజుల్లో ఐదు గుళ్ళు. ఏసీ బస్సు, గైడు, రూములు, దర్శనం టికెట్లు, సామాను మోసే మనిషి, అన్నీ వాళ్ళవే.

"వచ్చే ఏడాదికి ఈ కాళ్ళు ఇలా ఉంటాయో లేదో. ఐదూ ఒక్క ఊపులో చూసెయ్యాలి. ఆ తర్వాత నన్ను ఇంట్లో కట్టేసినా సరే," అన్నాడు.

మా మేనకోడలు భూముల పటాలు గీసే ఆఫీసులో పనిచేస్తుంది. అది వేరే ప్లాను గీసుకొచ్చింది. కారు, గుడి పక్కనే రూము, నాలుగు రోజులకీ రెండే గుళ్ళు.

"రెండేనా? మిగతా మూడు ఎవరు చూస్తారు, మీ మావయ్యా?" అన్నాడు బావ.

"మిగతా రెండు రోజులూ ప్రయాణమూ, విశ్రాంతీ నాన్నా."

"విశ్రాంతికి అంత దూరం ఎందుకే? ఈ మంచం చాలదూ? పైగా దారిలో టైరు పేలితే దిక్కెవరు? వాళ్ళయితే ఇంకో బస్సు పంపుతారు."

ఆ మాట అబద్ధం కాదు. అప్పుడు చెల్లెలు కంచాలు తీస్తూ, "వంటశాలలో కొత్త కూర ఒకేసారి మూడొందలమందికి వండేవాళ్ళం కాదు. ముందు పదిమందికి వండి చూసేవాళ్ళం. ఆ కాగితంలో రెండో రోజు ఉంది కదా, అది ఇంట్లో చేసి చూద్దాం," అంది.

బావకి ఇది మహా నచ్చింది. ఆదివారం రిహార్సల్. సోఫా బస్సు, మేడ గుడి, గొడుగు పట్టుకున్న నేను గైడు. నా జన్మలో దక్కిన ఏకైక ప్రభుత్వేతర ఉద్యోగం అదే.

కరపత్రం ప్రకారం నాలుగున్నరకి లేచారు. ఐదుంపావుకి సోఫా ఎక్కారు. ఏడున్నర దాకా సోఫా ప్రయాణం చేసింది; దారిలో నేను రెండు నదులూ ఒక పులినీ చూపించాను. దిగగానే క్యూ. గుడి దగ్గర ఎంత నడవాలో అంతా మేడ మీద చుట్లు తిరగాలని బావే నియమం పెట్టాడు. టిఫిన్ తొమ్మిదీ ముప్పావుకి, బస్సు దగ్గరికి తిరిగొచ్చాక.

పొరపాటు ఇక్కడే జరిగింది. బావ రోజూ ఏడున్నరకి షుగరు మాత్ర వేసుకుని, ఎనిమిదికి తింటాడు. ఆ రోజూ చెయ్యి అలవాటుగా ఏడున్నరకి మాత్ర నోట్లో వేసేసింది. కడుపు మాత్రం కరపత్రాన్ని గౌరవించి తొమ్మిదీ ముప్పావు దాకా ఆగింది. ఎవరూ చూసుకోలేదు. మేము బస్సు ఆడుకుంటున్నాం మరి.

ఎనిమిదీ యాభైకి ఆరో చుట్టులో ఆయన ఆగి, పిట్టగోడ పట్టుకున్నాడు. చొక్కా తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి.

"గైడుగారూ, మీరిద్దరెందుకు వచ్చారు?" అన్నాడు నన్నొక్కణ్ణే చూసి.

చెల్లెలు ఆ మోకాళ్ళతోనే మెట్లు దిగి, పంచదార నీళ్ళు కలిపి తెచ్చి తాగించింది. అమ్మాయి వేలు గుచ్చి చూస్తే షుగరు యాభై నాలుగు. పావుగంట ఆగి మళ్ళీ చూస్తే డెబ్బై ఎనిమిది. అప్పుడు టిఫిన్ పెట్టారు.

తిన్నాక బావ, "మాత్ర ఆలస్యంగా వేసుకుంటే సరిపోయేది," అన్నాడు.

"మూడో రోజు టిఫిన్ ఏడింటికి, భోజనం మూడింటికి ఉంది నాన్నా. డాక్టరు రాసిచ్చిన టైము బస్సు వెనకాల పరిగెత్తుతుందా?"

బావ ట్రావెల్స్ అతనికి ఫోన్ చేశాడు. అతను మంచివాడే.

"టిఫిన్ పొట్లం కట్టించి ముందే ఇస్తాను సార్, బస్సులో తినండి. దానికేం ఇబ్బంది లేదు."

బావ మొహం విప్పారింది. "బస్సు ఆగేచోటి నుంచి గుడికి ఎంత నడవాలి?"

"పావుగంట సార్."

"మీకా, మాకా?"

"అందరికీ సార్."

"ఎంతసేపు ఆగుతారు?"

"రెండు గంటలు. క్యూలో గంట పోతుంది. నలభై మంది కదండీ, ఒక్కరి కోసం ఆపితే మిగతావాళ్ళు నన్ను తింటారు."

బావ ఫోన్ పెట్టేసి కరపత్రం వెనక లెక్క వేశాడు. తమకు వెళ్ళడానికి ముప్పావుగంట. రావడానికి ముప్పావుగంట. క్యూ గంట. రెండున్నర గంటలు. తన సర్వీసులో ఎన్నో బస్సులకి టైములు రాసిచ్చిన చేత్తోనే ఆ లెక్క రాశాడు.

"మేము బయటికొచ్చేసరికి బస్సు వెళ్ళిపోయి అరగంటవుతుంది," అన్నాడు.

తర్వాత కూతురి ప్లాను లాక్కున్నాడు. రూము నుంచి గుడికి నాలుగు నిమిషాలని రాసి ఉంది.

"ఇది నీ నడకా, ఫోను నడకా? మాకు పన్నెండు. మీ అమ్మ రెండుచోట్ల కూర్చుంటుంది, అది ఎనిమిది. మొత్తం ఇరవై. ఆపైన క్యూ గంట. మధ్యాహ్నం పన్నెండుకి తలుపులు మూస్తారు, నువ్వు పదకొండింటికి బయల్దేరమన్నావు. మూసిన తలుపుకి దణ్ణం పెట్టుకోవాలా? రూము కింది అంతస్తులోదేనా, కనుక్కున్నావా?"

అమ్మాయి కనుక్కోలేదు. ఆ రోజే కనుక్కుంది. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మార్పించింది. బావ ఎనిమిదికి టిఫిన్, తొమ్మిదికి గుడి, ఒంటిగంటకి భోజనం అని కొత్త పట్టిక రాశాడు. మిగతా మూడు గుళ్ళూ కొట్టెయ్యడానికి మాత్రం చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

అమ్మాయికి సెలవు దొరకలేదు గనక ప్రయాణంలో కారు నాలుగో సీటు నాది. మూడో రోజు రెండో గుడి చూసి బయటికొచ్చేసరికి పన్నెండుంపావు. చెల్లెలు అరుగు మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటోంది. డ్రైవరు బావ పక్కకొచ్చి, "ఇప్పుడు కదిలితే మూడోదానికి నాలుగింటికల్లా చేరుస్తాను సార్. తలుపులు తీసే టైము," అన్నాడు.

"మరి భోజనం?"

"దారిలో ఎక్కడో చోట దొరుకుతుంది."

బావ కళ్ళు వెలిగాయి. చెల్లెలి వైపు చూశాడు. ఆవిడ, "మీ ఇష్టం. నేను వస్తాను," అంది, లేవకుండానే.

అంతలో ఒక పెద్ద బస్సు జనం గుడిలోంచి వచ్చి మా ముందునుంచి పోయారు. వాళ్ళలో వెనకబడిపోయిన ఒకాయన మా అరుగు మీద కూలబడ్డాడు. బావ ఈడువాడే.

"ఎన్ని చూశారు?" అన్నాడు బావ, ఆశగా.

"దీంతో ఐదు."

"ఏది బాగుంది?"

ఆయన కాసేపు ఆలోచించి, "బస్సు బాగుందండీ. సీట్లు మెత్తగా ఉన్నాయి," అన్నాడు. "మూడోదాంట్లో నేను లోపలికి వెళ్ళలేదు. గేటు దాకా వెళ్ళి, టైమైపోతే వెనక్కి వచ్చేశాను. కానీ లెక్కలోదే." పొద్దుట ఏమైనా తిన్నారా అని చెల్లెలు అడిగేలోపు గైడు ఈల వేశాడు. ఆయన లేచి, గబగబా నడవబోయి, మామూలుగానే నడిచాడు.

ఎదురుగా హోటల్లో బల్లలు తుడుస్తున్నారు. బావ కాసేపు ఆయన వెళ్ళిన వైపే చూసి, చెల్లెలికి చెయ్యి అందించి లేపాడు. ఇద్దరూ రోడ్డు దాటడానికి ఎంతసేపు పట్టిందంటే, అటూ ఇటూ ఆగిన బళ్ళవాళ్ళు దిగి టీ తాగి వచ్చారు.

అవతలి గట్టుకి చేరాక డ్రైవరు, "అయితే మూడోది సార్?" అన్నాడు.

"'ఎక్కడో చోట' అనేది టైము కాదు నాయనా," అన్నాడు బావ. "నువ్వూ వచ్చి కూర్చో. ఒంటిగంట కావస్తోంది."