వేలిముద్ర పాట ఎవరిది?

నిషిత రాసిన పాట మ్యూజిక్ యాప్‌లోకి వచ్చి ఇరవై రోజులైంది. ఆ పాట పక్కన ఆమె పేరు మాత్రం ఆమెకెక్కడా కనిపించలేదు. ఇప్పుడది కావాలి. హైదరాబాద్‌లోని ఒక జానపద ఛానెల్‌వాళ్లు పాటలు రాసేవాళ్ల కోసం వెతుకుతున్నారు. విడుదలైన పాట ఒకటి ఉండాలట, దాంట్లో రాసినవారిగా పేరున్న స్క్రీన్‌షాట్ ఆదివారంలోగా పంపాలట. తొమ్మిదో తరగతిలోనే బడి మానిన మనిషికి చూపించుకోవడానికి ఇంకో కాగితం ఏముంటుంది?

సోమవారం మధ్యాహ్నం, పటాన్‌చెరు మందుల కంపెనీ క్యాంటీన్‌లో, నిషితతో కలిసి ప్యాకింగులో పనిచేసే లక్ష్మీప్రసన్న ఆమె ఫోన్‌లోకి తొంగిచూసింది.

"పాట పక్కన మూడు చుక్కలున్నాయా? నొక్కు. కింద క్రెడిట్స్ అని ఉంటుంది, అది తెరువు. ఇదిగో, వచ్చింది."

కీబోర్డు శ్రావణ్‌కుమార్. ప్రొడ్యూసర్ శ్రావణ్‌కుమార్. డప్పు శ్రావణ్‌కుమార్. వేణువు శ్రావణ్‌కుమార్. పాట రికార్డు చేసిన స్టూడియో అతనిదే గానీ, డప్పును ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని మనిషి! నిజంగా డప్పు వాయించిన పవన్ పేరు లేనే లేదు. పాట రాసినవారు: ట్రెడిషనల్.

"ఈ ట్రెడిషనల్ ఎవరే?" అంది నిషిత.

"ఎవరూ కాదు. పూర్వం నుంచీ జనం పాడుకుంటున్నది, రాసిందెవరో తెలియదని అర్థం."

నిషితకు నవ్వొచ్చింది. పాట పల్లవి ఇది:

*వేలిముద్ర పడకపాయె, గేటు తెరువకపాయె,*
*పాలసీస ఇంట్ల మరిసి బస్సెనక ఉరికిపోతి.*

"యాప్‌వాళ్లకు రాస్తే?"

"పాట ఎక్కించినవాళ్లనే అడగమంటారు. మార్చాల్సింది వాళ్లే. మార్చాక కూడా యాప్‌లో కనిపించడానికి కొన్ని రోజులు పడుతుందట. ఇవాళే వెళ్లు."

షిఫ్టు దిగి, అత్త దగ్గర నుంచి బాబును చంకన వేసుకుని, నిషిత కర్దనూర్ వెళ్లింది. ఎరువుల దుకాణం మీద ఒక గది, గోడలకు కోడిగుడ్ల అట్టలు, తలుపు మీద ఇంగ్లీషులో బంగారు అక్షరాలు: ఇదీ శ్రావణ్‌కుమార్ గారి అంతర్జాతీయ స్టూడియో. లోపల ఆయన నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు, ట్యూబ్‌లైట్ వెలుగు తట్టుకోలేక కాబోలు.

"రా అక్కా. పాట దుమ్ము లేపుతాంది!"

"దుమ్ము సరే తమ్మీ. రాసింది ట్రెడిషనల్ అని ఉంది. గాయన ఏ ఊరాయన?"

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. "జానపదమంటే గట్లనే పెడ్తరక్కా. పాట ఎక్కించే ఫారంల రాసినోళ్ల పేరు ఇయ్యకపోతే పాట ముందల వోదు. నీ పూరా పేరు నాకు యాదికి లేకుండె."

"ఫోన్ జేస్తే చెప్పకపోదునా? నీ పేరు నాలుగుసార్లు యాదికొచ్చిందేంది? మా ముత్తవ్వ మిషిన్ల వేలు పెట్టి హాజరేసుకుందా? కంపెనీ బస్సెనక ఉరికిందా? పూర్వకాలం పాటంటివి గదా, చెప్పు."

"పరేషాన్ గాకక్కా. పాట మొత్తం తీసెయ్యాల్సి వస్తదేమో మల్ల."

పాటే పోతే స్క్రీన్‌షాట్ ఎక్కడిది? బాబు ఏడుపు అందుకున్నాడు. వాడిని భుజం మార్చుకుంది.

"తియ్యి. తీసినాంక ఈ సందుల నిలవడి నేనే పాడుత, రాసిందెవరో చెప్పి మరీ పాడుత. పవన్‌నూ డప్పు వట్టుకొని రమ్మంట. నువ్వూ రా, నీ డప్పు తెచ్చుకో."

శ్రావణ్‌కుమార్ కళ్లద్దాలు తీశాడు. పాటలను యాప్‌లకు చేరవేసే కంపెనీ వెబ్‌సైటు తెరిచి, సవరణ పేజీకి వెళ్లాడు. ఆమె వెనకే నిలబడి ఒక్కో గడీ చదివించుకుంది. సంగీతం: శ్రావణ్‌కుమార్. సాహిత్యం: నిషిత. డప్పు: పవన్. వేణువు దగ్గర అతని వేళ్లు ఆగాయి.

"అది కంప్యూటర్ల వాయించిన అక్కా," అన్నాడు నీరసంగా.

"కంప్యూటర్ పేరే పెట్టు, పాపం అదన్న కష్టపడ్డది."

ఆ వరుస తీసేసి, సవరణ పంపాడు.

మంగళ, బుధ, గురు, శుక్ర: మూడు చుక్కలు నొక్కడం, ట్రెడిషనల్‌గారిని చూడటం, ఫోన్ పడేయడం. అన్నం సయించలేదు. శనివారం పొద్దున బస్సులో నొక్కితే మారింది. కానీ ఆ యాప్ సంగీతాన్నీ సాహిత్యాన్నీ విడదీయదు. రెండూ ఒకే శీర్షిక కింద పెడుతుంది. రాసినవారు: శ్రావణ్‌కుమార్, నిషిత.

ఇప్పుడు కూడా ముందు ఆయనే!

గడువు రేపే. ఆ స్క్రీన్‌షాటే ఛానెల్‌కు పంపింది. సాయంత్రానికి ఛానెల్ నుంచి చంద్రిక అనే ఆమె ఫోన్ చేసింది.

"ఇందులో ఇద్దరి పేర్లున్నాయమ్మా. మాటలు ఎవరివి?"

"నావి మేడం. బాణీ ఆయనది."

"మాకెలా తెలుస్తుంది?"

నిషిత బాబును ఒళ్లో సర్దుకుంది. "మీకేం కావాల్నో చెప్పుండ్రి, దేని మీదైనా సరే. రేప్పొద్దుగాల వరకు రెండు చరణాలు పంపుత. ఆయనకూ ఫోన్ చేసి గదే అడుగుండ్రి, మేడం."

అవతల చంద్రిక నవ్వింది. "వర్షాకాలంలో కంపెనీ బస్సు మీద రాయండి," అంది. "ఆయన నంబరు కూడా పంపండి."

నిషిత నంబరు వెంటనే పంపింది.