మూడు ఎత్తుల టిక్కీ

మొదటి దెబ్బ చెంప మీద పడింది. కళ్ళజోడు ఎగిరి బల్ల కిందికి పోయింది. ఏసుపాదం దాన్ని వెతుక్కుంటూ వంగితే రెండో దెబ్బ మెడ మీద పడింది.

"నలభై ఎనిమిది లక్షలంటే నలభై ఎనిమిది లక్షలే రాయాలి. నిన్ను పిలిచింది తెలుగుని ఇంగ్లీషు చెయ్యమని. నా లెక్క దిద్దమని కాదు," అన్నాడు వీరరాఘవయ్య.

గుంటూరు బైపాసు పక్కన ఆయన కోల్డ్ స్టోరేజీ మేడ మీది గది అది. కిందినుంచి మిరప ఘాటు మెట్లెక్కి వస్తోంది. పొద్దున పది దాటింది. పదకొండున్నరకి సింగపూర్ పెట్టుబడిదారులు తెర మీదికి వస్తారు.

ఏసుపాదం ఇరవై రెండేళ్ళు ఒక మిరప ఎగుమతి కంపెనీలో పరదేశపు ఉత్తరాలు రాసినవాడు. కంపెనీ మూతపడ్డాక కాగితాలు తర్జుమా చేసి బతుకుతున్నాడు. వీరరాఘవయ్య మేనల్లుడు భార్గవ్ 'మిరపగూడు' అని ఒక యాప్ పెట్టాడు. రైతు తన సరుకు ఏ కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలు ఉందో ఫోన్‌లో చూసుకుని, అక్కడినుంచే అమ్ముకోవచ్చు. టిక్కీ అంటే నలభై కిలోల మిరపకాయల గోతాం. మొదటి పెట్టుబడి ఇక్కడి రైతులూ, కోల్డ్ స్టోరేజీల ఓనర్లూ పెట్టారు కాబట్టి వాళ్ళకి చూపించిన పేజీలన్నీ తెలుగులోనే ఉన్నాయి. ఇప్పుడు సింగపూర్ వాళ్ళు వాటిని ఇంగ్లీషులో అడిగారు. ప్రతి అంకె పక్కనా అది ఎక్కడినుంచి వచ్చిందో రాయాలన్నారు. తర్జుమా చేసినవాడు కింద సంతకం పెట్టాలనీ, పది నిమిషాలు తమతో మాట్లాడాలనీ షరతు పెట్టారు.

పద్దెనిమిది పేజీలు సాఫీగానే జరిగాయి. "ఆంధ్రాలో నెంబర్ వన్ మేమే" అన్న చోట, ఎవరు లెక్కపెట్టారు బాబూ అని అడిగితే భార్గవ్ నవ్వి కొట్టేశాడు. "మా కుటుంబంలో ఇరవై వేలమంది రైతులు" అన్నది యాప్ దించుకున్నవాళ్ళ లెక్క. ఈ ఏడు నిజంగా సరుకు పెట్టినవాళ్ళు మూడువేల వందమంది. ఆ రెండు అంకెలూ విడివిడిగా రాద్దామంటే "రాయండి అంకుల్, దాచేదేముంది" అన్నాడు. మంచి పిల్లాడే అనుకున్నాడు ఏసుపాదం.

నిన్న పందొమ్మిదో పేజీ దగ్గర పెన్సిల్ ఆగింది. తమ చుట్టుపక్కల ముప్పై కోల్డ్ స్టోరేజీల్లో ఏడాదికి నలభై ఎనిమిది లక్షల టిక్కీల వ్యాపారం. కిలో నూట యాభై చొప్పున రెండువేల ఎనిమిదివందల ఎనభై కోట్లు. ఇంగ్లీషులో అయితే ఇరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది బిలియన్ రూపాయలు. కోట్లని బిలియన్లు చెయ్యడం కష్టం కాదు. ఆ టిక్కీలు ఎక్కడ పట్టాయన్నదే అర్థం కాలేదు.

కళ్ళజోడు దొరికింది. ఒక అద్దం పగిలింది. పెట్టుకుని నిలబడ్డాడు.

"రాఘవయ్యగారూ, ముప్పై స్టోరేజీలు. ఒక్కోదానిలో ఎనభై వేలకి మించి పట్టవు. నిండా కూరినా ఇరవై నాలుగు లక్షలు. ఏడాదికి పంట ఒక్కటే కదండీ. మిగతా ఇరవై నాలుగు లక్షలు ఎక్కడ పెట్టారు, రోడ్డు మీదా?"

"నోరు లేస్తందే నీకు!"

"మామయ్యా, ఆగు," అన్నాడు భార్గవ్. "అంకుల్, ఆ అంకె ఊహించి రాసింది కాదు. ముప్పై చోట్లా రిజిస్టర్లు ఫోటోలు తీసి నేనే ఎక్కించా. నెల రోజులు పట్టింది."

"ఏ రిజిస్టర్లు బాబూ?"

"గేటు దగ్గర ఉంటాయే, అవి."

"వాటిని రాసేదెవరు?"

భార్గవ్ మామయ్య వంక చూశాడు. ఏసుపాదం నిన్ననే టీ కొట్టు దగ్గర ఆ ప్రశ్న అడిగి జవాబు తెచ్చుకున్నాడు. "బాజీని పిలవండి," అన్నాడు.

హమాలీల మేస్త్రి షేక్ బాజీ, భుజాన తువ్వాలుతో, గోతాలు లాగే ఇనప కొక్కెం చేతిలో పట్టుకుని పైకొచ్చాడు. ఏసుపాదం బుగ్గ మీద ఐదు వేళ్ళూ చూసి తల దించుకున్నాడు.

"బాజీ, గేటు దగ్గర నువ్వు రాసే లెక్క ఏమిటో అబ్బాయిగారికి చెప్పు."

"ఏముంది మేస్టారూ, ఎత్తుల లెక్క. మాకు కూలి ఎత్తుకింత. టిక్కీ లోపలికి పోతే ఒక ఎత్తు. వానాకాలంలో బూజు పట్టకుండా తిరగేసి పేరుస్తాం, అదో ఎత్తు. అమ్ముడుపోయి బయటికెళ్తే ఇంకోటి."

"అంటే ఒక టిక్కీ మూడుసార్లు పడుద్దా?" అన్నాడు భార్గవ్.

"పడకపోతే మేం తినేదేంది బాబూ?"

భార్గవ్ కుర్చీలో కూలబడ్డాడు. నలభై ఎనిమిదిని మూడుతో భాగించడానికి యంత్రం అక్కర్లేదు. పదహారు లక్షలు. వ్యాపారం తొమ్మిదివందల అరవై కోట్లు.

"నువ్వు ముప్పై ఏళ్ళనించీ ఈ వ్యాపారంలో ఉన్నావు మామయ్యా. నీకు తెలీదా?"

"తెలుసు," అన్నాడు వీరరాఘవయ్య నింపాదిగా. "నువ్వు తప్పు చేశావు, అది నాకు పనికొచ్చింది. పెద్ద అంకె చూసి వాళ్ళు నీ కంపెనీలో నా వాటా కొంటారు. ఆ తర్వాత ఎవడి ఖర్మ వాడిది. బాజీ, వీడి చెయ్యి పట్టుకో."

బాజీ కదల్లేదు.

"చెవుడా నీకు?"

"నావల్ల కాదు ఓనరుగారూ."

వీరరాఘవయ్య తనే పట్టుకున్నాడు. అరవై దాటినా ఒకప్పుడు బస్తాలు మోసిన ఒళ్ళు. ఏసుపాదాన్ని మెట్ల మీద ఈడ్చుకుంటూ తీసుకెళ్ళాడు. ప్రతి మెట్టూ మోకాలికి తగిలింది. కింద నాలుగో నెంబర్ గది తలుపు జానెడు మందం. లోపలికి తోస్తే ఏసుపాదం పడిపోకుండా తలుపు అంచు పట్టుకున్నాడు. అది చూసే ఆయన తలుపు మూశాడు.

వేళ్ళు విరిగిన చప్పుడు ఎండుమిరపకాయ తుంచినట్టు వినపడింది. ఏసుపాదం అరుపుకి గేటు దగ్గర లారీలోకి గోతాలు ఎత్తుతున్న హమాలీలు ఆగిపోయారు. తలుపు మళ్ళీ తెరిచి, చెయ్యి లోపలికి తోసి, బయట గడియ పెట్టాడు.

లోపల చీకటి, ఒళ్ళు కొరికే చలి. పీల్చిన గాలి గొంతులో మండింది. దగ్గితే పక్కటెముకలు నొప్పెట్టాయి. చీమిడి, కన్నీళ్ళు ఒకటిగా కారాయి. మిరప ధూళి పడ్డ చేత్తో కళ్ళు తుడుచుకుని ఇంకా మంట తెచ్చుకున్నాడు.

ప్రభువా, అనుకున్నాడు. ఒక్క అంకె. వాడెవడో సింగపూర్ వాడు, నాకేమవుతాడు? ఆ సంతకం పెట్టేస్తే మధ్యాహ్నానికి ఇంటికెళ్ళి అన్నం తినేవాణ్ణి. నువ్వు అడుగుతావా నన్ను, పందొమ్మిదో పేజీలో ఏం రాశావురా అని? అడుగుతావేమో. అడక్కపోయినా, రాసింది నేనని నాకు తెలుస్తుంది కదా. దానికేం చెయ్యను?

ఎడమ చేత్తో తడుముకుంటూ పక్కనున్న పేర్పు లెక్కపెట్టాడు. అడ్డంగా ఇన్ని, ఎత్తు ఇన్ని. దెబ్బ తిన్నా అలవాటు పోలేదు. గదికి ఇరవై వేలు, నాలుగు గదులకి ఎనభై వేలు. అంతకన్నా ఒక్కటి పట్టదు.

పదకొండుంబావుకి తలుపు తెరుచుకుంది. "మొహం కడుక్కో. చెయ్యి బల్ల కింద పెట్టుకో, వాళ్ళకి కనపడకూడదు," అన్నాడు వీరరాఘవయ్య. బాజీ చేతిలోని కొక్కెం ఇప్పుడు ఆయన చేతిలో ఉంది. "తేడాగా మాట్లాడితే రెండో చెయ్యి కూడా పోద్ది. నాకు ఇంగ్లీషు రాదు, అంకెలొచ్చు. ఫార్టీ ఎయిట్ అన్నమాట నాకు వినపడాలి. సిక్స్‌టీన్ వినపడిందా, ఈ కొక్కెం నీ డొక్కలో దిగుద్ది."

భార్గవ్ ఎవరి వంకా చూడకుండా ల్యాప్‌టాప్ తెరిచాడు. తెర మీద పొట్టి జుట్టు ఆవిడ, పేరు లిమ్. పలకరింపులయ్యాయి. ఆవిడ నేరుగా పందొమ్మిదో పేజీకే వచ్చింది. ఈ అంకె మీరు ఎలా సరిచూశారు అని ఇంగ్లీషులో అడిగింది.

ఏసుపాదం గొంతు సవరించుకున్నాడు. మా తెలుగు పేజీలో ఉన్నది టిక్కీల సంఖ్య కాదు, కూలీలు ఎత్తిన ఎత్తుల సంఖ్య అని చెప్పాడు. ఒక్కో టిక్కీ మూడుసార్లు ఎత్తుతారు. స్టోరేజీల్లో పట్టే మొత్తంతో కూడా సరిచూశాను. అసలు సంఖ్య వన్ పాయింట్ సిక్స్ మిలియన్.

వీరరాఘవయ్య చెవులు రిక్కించి విన్నాడు. సిక్స్‌టీన్ రాలేదు. ఫార్టీ ఎయిట్ కూడా రాలేదు. కెమెరాకి పక్కగా నిలబడి గుసగుసలాడాడు. "ఏమన్నాడ్రా?"

భార్గవ్ తెర మీదినుంచి కళ్ళు తిప్పలేదు. "అంతా బాగానే చెప్పాడు మామయ్యా."

అయితే పేజీ ఇప్పుడే దిద్దండి, చూస్తాను అంది లిమ్. భార్గవ్ వేళ్ళు మీటల మీద ఆగి, కదిలాయి. 4,800,000 పోయి 1,600,000 వచ్చింది. కామాలు పడాల్సినచోట పడలేదని వీరరాఘవయ్య కళ్ళు చికిలించాడు. తర్వాత సున్నాలు వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. ఐదు. వాటి ముందు ఆరు. దాని ముందు ఒకటి.

"దొంగ నాయాలా! నా తిండి తిని నాకే గొయ్యి తవ్వుతావా? ఇద్దర్నీ ఇక్కడే చంపి అదే గదిలో పేరుస్తా!"

కొక్కెం భార్గవ్ భుజంలో దిగింది. చొక్కా చిరిగి రక్తం మీటల మీద చిందింది. భార్గవ్ కుర్చీతో సహా పక్కకి పడ్డాడు. కొక్కెం లాగి ఏసుపాదం వైపు తిరిగాడు ఆయన.

తెరమీద లిమ్ లేచి నిలబడింది. ఏం జరుగుతోంది, ఆయన ఏమంటున్నాడు అని అరిచింది.

ఏసుపాదం కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ అడిగింది తర్జుమా. తనకి తెలిసిన పని అదొక్కటే. "మమ్మల్ని ఇద్దర్నీ చంపి, టిక్కీలతో పాటు పేరుస్తానంటున్నాడు," అని ఇంగ్లీషులో, ఒక్క మాట వదలకుండా చెప్పాడు. "సంఖ్య మాత్రం వన్ పాయింట్ సిక్స్ మిలియనే, మేడమ్."

కొక్కెం పైకి లేచింది, దిగలేదు. అరుపులు విని మెట్లెక్కి వచ్చిన బాజీ వెనకనుంచి దాని వంపులో చెయ్యి పెట్టాడు. అరచెయ్యి కోసుకుపోయినా వదల్లేదు. మెట్ల మీద మిగతా హమాలీల అడుగులు వినిపించాయి. నలుగురు కలిసి వీరరాఘవయ్యని గోడకి అదిమారు. "ఇది ఒక్క ఎత్తే, ఓనరుగారూ," అన్నాడు బాజీ పళ్ళ బిగువున. ఎవరూ నవ్వలేదు.

పోలీసులకి ఫోన్ చేసింది భార్గవే. బాజీ తువ్వాలు భుజానికి అదుముకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. లిమ్ ఇంకా తెరలోనే ఉంది. ముందు ఆస్పత్రికి వెళ్ళమంది. ఈ మామయ్య వాటాలతో ఉన్న కంపెనీలో ఇప్పుడు డబ్బు పెడతామని చెప్పలేనంది. దిద్దిన కాగితం మాత్రం పంపమంది, చదువుతానంది.

"పంపుదాం అంకుల్," అన్నాడు భార్గవ్. "కానీ సంతకం..."

ఏసుపాదం కుడిచేతిని చూసుకున్నాడు. వేళ్ళు వంకాయల్లా ఉబ్బిపోయాయి. ఎడమ చేత్తో పెన్ను తీసుకున్నాడు. ఒకటో తరగతి పిల్లాడిలా నాలిక బయటపెట్టి, వంకరటింకరగా తన పేరు రాశాడు. చివర్లో ఒక అక్షరం గీత దాటింది. దాన్ని కొట్టేసి, పక్కన మళ్ళీ సరిగ్గా రాశాడు.