రాతి మీద మనిషి

ఆరేళ్ళుగా ఆ రాతిదిబ్బ మీద కాపలాదారు ఒక్కడే ఉంటున్నాడు. అక్కడ మనిషి కాపురముంటే చుట్టూ రెండు వందల నాటికల్ మైళ్ళ దాకా చేపల మీద, చమురు మీద హక్కు మన దేశానిదేనని చెప్పి పంపారు. తల్లి పోయినప్పుడు కూడా అతను ఇంటికి వెళ్ళలేదు.

ఆ ఉదయం సరుకుల పడవలో ప్రభుత్వ లాయరమ్మ దిగింది. ఆ హక్కు చెల్లదని పొరుగు దేశం కోర్టుకెక్కిందట.

"తాగేనీళ్ళు ఎక్కడివి అన్నా?"

"ఈ పడవలోనే డబ్బాలొస్తాయమ్మా."

"కూరగాయలు?"

"ఇక్కడ గడ్డిపరక మొలిచినా తోడుంటుందని పెంచుకునేవాణ్ణి."

ఆమె నవ్వలేదు. "బయటి నుంచి తెచ్చి పోషిస్తే లెక్కలోకి రాదు. మనిషి బతికే దారి దిబ్బకే ఉండాలి. లేకపోతే అది ఉత్త రాయి. రాయికి పన్నెండు మైళ్ళ ప్రాదేశిక జలాలే దక్కుతాయి. రెండు వందల మాట ఉండదు."

"మరి నా ఆరేళ్ళు?"

"ఎక్కడైనా ఒక్క ఊట ఉంటే కేసు మీద కాస్త ఆశ ఉంటుంది. అప్పుడు మీరూ ఇక్కడే ఉండాలి. బాగా ఆలోచించి చెప్పండి."

గుడిసె పక్కనున్న వాన గుంట వైపు అతను చాలాసేపు చూశాడు. దాన్నే ఊట అనేస్తే ఆరేళ్ళకూ అర్థముంటుంది.

"లేదమ్మా. ఆ గుంటలో వాననీళ్ళు కూడా రెండు రోజులకే ఉప్పెక్కుతాయి."

ఆమె రాసుకుంది. అతను సంతకం పెట్టాడు.

"పడవలో చోటుందా?"

"ఉంది."

ఖాళీ డబ్బాలన్నీ పడవలోకి అందించాడు. చివరిదాన్లో కాసిని మంచినీళ్ళు మిగిలాయి. వాటిని రాతి మీద పోసి, తడి ఆరేదాకా నిలబడి, పడవెక్కాడు.